మిల్లు మారితే మాలిక్ వాటా ఏమవుతుంది?

మూడేళ్లకే మిల్లు మారితే పి.ఎఫ్.లో మాలిక్ కట్టింది పోతుందని మనవాళ్లలో ఒక భయం ఉంది. అది నిజం కాదు. లెక్క చూడండి.

బేసిక్, డి.ఏ. కలిపి 12,000 జీతమనుకోండి. నెలకు మన జీతంలోంచి 1,440 పట్టుకుంటారు. మాలిక్ కూడా 1,440 కడతాడు. ఆయన కట్టిన దాంట్లో 440 పి.ఎఫ్.లో, 1,000 పింఛను కింద పడతాయి. మన 1,440, ఆయన 440 వడ్డీతో సహా మొదటి నెల నుంచే మనవి. ఏ మాలికూ వెనక్కి లాక్కోలేడు.

చిక్కంతా ఆ వెయ్యి దగ్గరే. 58 ఏళ్లకు నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసుండాలి. ఒకే మిల్లులో కానక్కర్లేదు. ఇక్కడ మూడు, అక్కడ ఏడు కలిపినా పదే. కానీ మధ్యలో పింఛను డబ్బు తీసేసుకుంటే ఆ మూడేళ్లు లెక్కలోంచి పోతాయి. కొత్త మిల్లులో మళ్లీ ఒకటి నుంచే మొదలు.

అందుకే కొత్త చోట పాత యు.ఎ.ఎన్. నంబరే ఇవ్వండి. పాత మిల్లువాళ్లు మీరు మానేసిన తారీఖు ఎక్కించారో లేదో, పాత ఖాతా కొత్తదాంట్లో కలిసిందో లేదో అడిగి తెలుసుకోండి.

గ్రాట్యుటీ సంగతి వేరు. పర్మనెంటు కార్మికుడు ఐదేళ్లు నిండకుండా తనంతట తాను మానేస్తే అది రాదు.