తాతయ్య మాట తాతయ్యదే

సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు తాతయ్యనో నాన్నమ్మనో కూర్చోబెట్టి, వాళ్ళ జీవితం గురించి అడిగి ఫోనులో రికార్డు చేసుకొచ్చిన వాళ్ళు మన బళ్ళో చాలామందే ఉన్నారు. చిక్కు అక్కడ రాదు. గంటన్నర మాటల్ని మూడు పేజీల కథగా కుదించేటప్పుడు వస్తుంది. కుదించాక చదివితే, ఆ మూడు పేజీల్లో తాతయ్య తప్ప మిగతావన్నీ ఉంటాయి. ఇది భాష బాగోలేకపోవడం వల్ల కాదు, మరీ బాగుండటం వల్ల జరుగుతుందని నా అభిప్రాయం.

మా తాతయ్యది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. మన జగదల్‌పూర్ మీదుగా ఇనుప ఖనిజం మోసుకుపోయే రైళ్ళు రోజూ చూస్తాం కదా, ఆ కొత్తవలస–కిరండూల్ లైను పనిలో ఆయన మట్టి మోశాడు. బైలడిల్లా ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపానుకు పంపడానికి 1960లలో వేసిన లైను అది. ఆయన చెప్పిన దాంట్లో ఒక ముక్క, రికార్డులో ఉన్నది ఉన్నట్టుగా:

“తాతయ్యా, నువ్వు రైల్వేలో ఎప్పుడు చేరావు?”

“సేరడమేటి, సేరడం! కూలికెల్లినాను. నెవురూ పోయిన యేడు. అప్పటికి మాయయ్య సచ్చి రెండు నెల్లు. ఇంట్లో సోళ్ళు లేవు. మేస్త్రీ వొచ్చి జపానోళ్ళ లైనేస్తన్నారు, వొస్తావేటి అన్నాడు. మాయమ్మ ఏటీ అన్లేదు. ఏటీ అన్లేదు. సోడంబలి గిన్నెడు అంపింది. ఆ గిన్ని నా పెళ్ళి వరకూ నా దగ్గిరే ఉండీది.”

దీన్ని మనం మామూలుగా ఎలా కుదిస్తాం? ఇలా: “మా తాతగారు 1964లో తీవ్ర ఆర్థిక ఇబ్బందుల వల్ల రైల్వేలో చేరారు. తండ్రి మరణంతో కుటుంబ భారమంతా ఆయనపై పడింది. తల్లి కన్నీటితో సాగనంపింది.”

పరీక్షలో అయితే మార్కులు పడతాయి. కానీ ఒక్కో మాటా రికార్డుతో పోల్చి చూడండి. రైల్వేలో చేరలేదని ఆయనే చెప్పాడు. ఆ మాటకే ఆయనకు కోపం వచ్చింది. కన్నీళ్ళు రికార్డులో ఎక్కడా లేవు. వాళ్ళమ్మ ఏమీ అనలేదని రెండుసార్లు చెప్పాడు. రెండోసారి చెప్పింది మనకు వినపడలేదేమోనని కాదు. అరవై ఏళ్ళ తర్వాత కూడా ఆయన మనసులో ఉండిపోయింది ఆ మౌనం. దాన్ని తీసేసి, సినిమాలో చూసిన కన్నీళ్ళు పెట్టాం. పోయింది యాస ఒక్కటే కాదు, నిజం కూడా. ఇంట్లో “తాతయ్యా, నువ్వు” అని పిలిచేవాణ్ణి కాగితం మీద “తాతగారు” ఎందుకు చేస్తామో నాకు ఇప్పటికీ అర్థం కాదు!

నేను కుదించినది ఇది: “నెహ్రూ పోయిన ఏడు తాతయ్య జపానోళ్ళ లైనుకు కూలికెళ్ళాడు. రైల్వేలో చేరావా అంటే ‘సేరడమేటి, సేరడం!’ అంటాడు. అప్పటికి వాళ్ళ నాన్న పోయి రెండు నెలలు. ఇంట్లో చోళ్ళు లేవు. ‘మాయమ్మ ఏటీ అన్లేదు. ఏటీ అన్లేదు. సోడంబలి గిన్నెడు అంపింది.’ ఆ గిన్నె ఆయన పెళ్ళి దాకా ఆయన దగ్గరే ఉంది.”

మేస్త్రీ మాటలు పోయాయి, నా ప్రశ్న మొదటి వాక్యాల్లో కలిసిపోయింది. అయినా మనిషి మిగిలాడు. 1964 అనే అంకె కథలో లేదు. ఆయన కాలాన్ని లెక్కపెట్టేది నెహ్రూ చావుతో, తుఫానుతో, పెళ్ళిళ్ళతో, అంకెలతో కాదు. సంవత్సరం కావాల్సిన వాళ్ళ కోసం పేజీ కింద చిన్న అక్షరాల్లో రాశాను. లైను మీద వంద గుహలు తవ్వారని ఆయన అన్నాడు. సొరంగాలు ఉన్నవి యాభైకి పైచిలుకు. కథలో వందే ఉంచి, అసలు సంగతి కింద రాశాను. మట్టి మోసిన మనిషికి అవి వంద.

“నేను” అని రాయాలా, “తాతయ్య” అని రాయాలా? రెండూ మంచివే, కలిపితేనే ప్రమాదం. “నేను” అని రాస్తే ప్రతి వాక్యం రికార్డులో దొరకాలి. మనం కత్తిరించవచ్చు, ముందువెనకలు మార్చవచ్చు, అంతే. “తాతయ్య” అని రాస్తే మన మాటల్లో కుదించుకునే వీలుంది, ఆయన మాటలు మాత్రం కొటేషన్లలో ఉండాలి. అన్నిటికన్నా చెడ్డది “నేను జీవితంలో ఎన్నో ఒడిదుడుకులు ఎదుర్కొన్నాను” లాంటి వాక్యం. అది ఆయన నోట్లో మనం పెట్టిన మాట. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పిన జీవితాలను స్త్రీశక్తి సంఘటన 1986లో “మనకు తెలియని మన చరిత్ర” పేరుతో పుస్తకంగా తెచ్చింది. చెప్పినవాళ్ళ గొంతును ఎలా నిలపవచ్చో చూడాలనుకుంటే అది చదవండి.

యాస విషయంలో మాత్రం చేయి కాస్త అదుపులో ఉంచుకోవాలి. విన్న ప్రతి శబ్దాన్నీ అలాగే రాస్తే తాతయ్య సినిమాలో కామెడీ పాత్రలా తయారవుతాడు. శ్రీకాకుళం యాస వినపడగానే నవ్వడం మనకు సినిమాలు నేర్పాయి. అందుకే నేను “నెవురూ”ను “నెహ్రూ” చేశాను. ఆ వాక్యంలో ఉన్నది ఒక చావు, అక్కడ ఎవరూ నవ్వకూడదు. “ఏటి”, “అంపింది”, “సోడంబలి” మాత్రం కదపలేదు. అవి తప్పు పలుకులు కావు, ఆ ఊరి మాటలు. వాటికి బదులు “పంపింది”, “రాగి జావ” అని పెడితే ఆ గిన్నె ఇంకెవరింటి నుంచో వచ్చినట్టుంటుంది.

మన బళ్ళో ఇంకో ఇబ్బంది ఉంది. బదిలీల వల్ల చాలామందికి తెలుగు మాట్లాడటమే గాని రాయడం రాదు. మా చెల్లి హిందీలో రాసింది. “మా కుఛ్ నహీ బోలీ” అనేసరికి అది ఎవరి అమ్మయినా కావచ్చు. అందుకని కథంతా హిందీలోనే ఉంచి, కొటేషన్లలోని ఆరేడు మాటలను మాత్రం తెలుగులోనే, దేవనాగరి లిపిలో రాయమన్నాను. ఇప్పుడది చదివితే తాతయ్య వినిపిస్తాడు. హల్బీ మాట్లాడే నాన్నమ్మలున్న బస్తర్ స్నేహితులకు కూడా ఈ పద్ధతి పనికొస్తుంది.

ఇక టైము సంగతి. ఒక గంట రికార్డును మాట మాటా రాయాలంటే నాకు ఆరు గంటలు పట్టింది. అంత ఓపిక లేకపోతే, మొదట ఆపకుండా ఒకసారి వినండి. ఆయన గొంతు మారిన చోట, నవ్విన చోట, ఒకే మాట మళ్ళీ అన్న చోట నిమిషం, సెకను రాసుకోండి. ఆ చోట్లు మాత్రం పూర్తిగా రాసుకుంటే చాలు. కథ అక్కడే ఉంటుంది.

రాసింది ఆయనకు చదివి వినిపించాలి. నేను ఫోనులో చదివాను. రెండు చోట్ల “నేనలగనలేదు” అన్నాడు. ఒకటి నేను సరిగ్గా విన్నదే, రికార్డులో ఉంది. అయినా ఆయన కొత్తగా చెప్పినట్టే రాశాను, ఎందుకంటే కథ ఆయనది. ఇంకోచోట చుట్టాలతో వచ్చిన అప్పు గొడవ ఉంది. కథ మొత్తానికి నాకు బాగా నచ్చిన ముక్క అదే. “అది తీసీ బాబూ, ఆళ్ళ పిల్లలు సదువుతారు” అన్నాడు. తీసేశాను. రికార్డులో మాత్రం అది ఉంది, మా నాన్న దగ్గర పెన్‌డ్రైవ్‌లో.