ఆరు గంటల గడువు - ప్రేమా? భయమా?

ఫిల్మ్‌నగర్ వాళ్ళతో నాకో పేచీ ఉంది. భయానికి ప్రేమ అని లేబుల్ అంటించి అమ్ముతున్నారు, మనం విజిల్స్ వేసి మరీ కొంటున్నాం.

2017లో వచ్చిన 'అర్జున్ రెడ్డి'నే తీసుకోండి. ప్రీతి ఇంట్లో ఒప్పుకోకపోతే హీరోగారు ఆ అమ్మాయికి ఆరు గంటలు గడువు పెడతారు. ఆ తర్వాత తనే మత్తులో పడి తెలివి లేకుండా ఉంటారు. ఈలోపు ఆమెకి పెళ్ళయిపోతుంది. అందరూ దీన్ని గాఢమైన ప్రేమ అన్నారు. నాకైతే ఆ గడువులో కనబడింది 'నన్ను వదిలేస్తావా?' అన్న భయమే.

పసిపిల్లల మీద బౌల్బీ, ఎయిన్స్‌వర్త్ చేసిన పనిని 1987లో హేజన్, షేవర్ అనే ఇద్దరు పెద్దవాళ్ళ ప్రేమలకి అన్వయించారు. యాంగ్షస్ మనిషికి కొంచెం దూరం రాగానే లోపల అలారం మోగుతుంది. ఫోన్లు, పరీక్షలు, బెదిరింపులు అన్నీ అందులోంచే వస్తాయి. అవాయిడెంట్ మనిషి ఒత్తిడి రాగానే తలుపేసుకుంటాడు. ప్రేమ లేక కాదు, అవసరం బయటపెడితే లాభం లేదని ఎప్పుడో నేర్చుకున్నాడు కనుక. ఈ ఇద్దరూ ఒకింట్లో ఉంటే ఒకరి మందే ఇంకొకరికి రోగం.

మా ఫ్రెండొకడు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఉంటాడు. వాళ్ళావిడ ఫిల్మ్‌నగర్‌లో ఎడిటింగ్ పని చేస్తుంది. సినిమా రిలీజుకి ముందు ఓ రాత్రి తొమ్మిదింటికి వస్తానంది, రాలేదు. వీడు పదిహేడు సార్లు ఫోన్ చేశాడు. ఆమె ఫోన్ బోర్లా పెట్టేసి, ఒంటిగంటకి వచ్చి మాట్లాడకుండా పడుకుంది. మావాడు పొద్దున్నే 'అయితే నేను మా అమ్మ దగ్గరికి పోతా' అన్నాడు :) జవాబు రాని సర్వర్‌ని క్షణానికోసారి పింగ్ చేస్తే అది ఇంకా పడుకుంటుంది, అంతే కదా!

చివరికి ఇద్దరూ రెండు రూల్స్ పెట్టుకున్నారు. ఆమె మౌనంలోకి వెళ్ళేముందు 'ఇప్పుడు మాట్లాడలేను, పదకొండింటికి నేనే చేస్తా' అని చెప్పాలి, చెయ్యాలి. వాడు 'భయంగా ఉంది, ఎప్పుడొస్తావో చెప్పు' అని ఒకే మెసేజ్ పెట్టి, ఆ టైం దాకా ఆగాలి. మొదటివారం ఫెయిలు. పది అని చెప్పి ఆమె మర్చిపోయింది, వాడు మళ్ళీ మొదలెట్టాడు. తర్వాత తను అనుకున్నదానికి ఓ గంట కలిపి చెప్పడం మొదలెట్టింది. ఎంత ఆలస్యమైనా వాడికి పర్లేదు, మాట తప్పితేనే అలారం మోగేది. ఇప్పుడూ గొడవలున్నాయి, కాకపోతే వాడు నిమిషానికోసారి ఫోన్ చూడటం మానేశాడు, ఆమె అడక్కుండానే టైం చెబుతోంది.

అలాగని ఇవి జాతకాలు కావు. రెండూ ఎక్కువ తక్కువల కొలతలే, మనిషిని బట్టి, అవతలివాళ్ళని బట్టి మారతాయి. ఇంకో మాట, చెంప పగలగొట్టడం, ఫోన్ లాక్కోవడం 'స్టైల్' కాదు. అక్కడ రూల్స్ పనిచెయ్యవు, బయటికి రావాలి.

ఆ సినిమా చివర్లో ప్రీతి హీరోకి మళ్ళీ దొరుకుతుంది, అతని బిడ్డనే మోస్తూ. అంటే గడువు పెట్టినవాడికే బహుమతి! నా గొడవంతా అక్కడే. పదకొండింటికి ఫోన్ చేస్తానని చెప్పి, సరిగ్గా పదకొండింటికి చేసే హీరోయిన్‌ని ఎవరైనా ఎప్పుడు చూపిస్తారు?