పరుగు డైరీలో ‘నేను’ ఎక్కడ?

పరుగు మొదలుపెట్టిన వారంలోపే చాలామంది ఫోన్లలోకి ఒక యాప్ వచ్చేస్తుంది. దూరం, సమయం, గుండె వేగం అన్నీ అదే నమోదు చేస్తుంది. ఇక డైరీ ఎందుకని మీరు అడగొచ్చు. నేనూ సాఫ్ట్‌వేర్ వాణ్నే, అంకెల మీద నాకేం పగ లేదు. కానీ రెండో రౌండ్‌లో మీ వేగం తగ్గిందని మాత్రమే యాప్ చెబుతుంది. ఎందుకు తగ్గించారో, అసలు తగ్గిద్దామనే తగ్గించారో లేదో దానికి తెలియదు. అది రాయాల్సింది మీరే. అదీ ‘నేను’ అంటూ, పూర్తి వాక్యాల్లో.

మీలో చాలామందికి తెలిసిన పరుగునే తీసుకుందాం. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్లు. తెలంగాణ 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులకు 7 నిమిషాల 15 సెకన్లు (మాజీ సైనికులకు ఇంకాస్త ఎక్కువ). 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, అంటే రౌండ్‌కి సుమారు 109 సెకన్లు. దీనికోసం ప్రాక్టీస్ చేస్తున్న మా ఊరి కుర్రాడొకడు నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాడు: “1600. టైమ్ 7:50. మూడో రౌండ్‌లో అలసట వచ్చింది. ఊపిరి అందలేదు. గాలి ఎదురొచ్చింది.”

మళ్లీ చదవండి. అలసట వచ్చింది, ఊపిరి అందలేదు, గాలి ఎదురొచ్చింది. ఆ పొద్దున అలసటా, ఊపిరీ, గాలీ అన్నీ ఏదో ఒకటి చేశాయి, మనవాడు తప్ప! తెలుగులో ఇదొక సౌకర్యం. ఆకలి వేస్తుంది, నిద్ర వస్తుంది, ఓపిక పోతుంది. మన ప్రమేయం లేకుండానే వాక్యం పూర్తయిపోతుంది. ఒంట్లో ఏమనిపించిందో చెప్పడానికి అలాంటి వాక్యాలు కావాలి కూడా. కానీ డైరీ అంతా అవే ఉంటే రేపు మార్చుకోవడానికి ఏమీ దొరకదు. అందుకే రోజుకు రెండు వాక్యాలైనా ‘ను’తో ముగియాలని నేనంటాను. అనుకున్నాను, తొందరపడ్డాను, ఆగాను, దాటాను.

అదే పరుగును అతను తిరిగి రాస్తే ఇలా వచ్చింది: “మొదటి రౌండ్ 110లో తిరగాలనుకున్నాను. పక్కన ముగ్గురు స్పీడ్‌గా వెళ్తుంటే వాళ్లతో పోయాను, 98 పడింది. రెండో రౌండ్ సగంలోనే నోటితో ఊపిరి పీల్చాను, 118. మూడోది 128. నాలుగులో ఎవరూ పక్కన లేరు, 126.” మొత్తం అదే 470 సెకన్లు. కానీ ఇప్పుడు కారణం కనిపిస్తోంది. గాలి పాత్ర ఉన్నా కొంచెమే.

ఒక్కరోజు రాతతో ఇది రుజువు కాదు. మూడు వారాల పేజీలు ఒకేసారి చదివినప్పుడు బయటపడింది. అతను ఒంటరిగా పరిగెత్తిన రోజుల్లో మొదటి రౌండ్ 108, 111 అలా ఉంది. గుంపుతో వెళ్లిన ప్రతిసారీ వందలోపే. అంటే అతనికి తక్కువైంది దమ్ము కాదు, మొదటి రౌండ్‌లో వెనకబడి ఉండగలిగే ఓర్పు. తర్వాత రెండు వారాలు గుంపులోనే, కావాలని చివర నిలబడి మొదలుపెట్టాడు. 110, 112, 113, 107. మొత్తం 7:22. ఇంకా ఏడు సెకన్లు కావాలి, నిజమే. కానీ 28 సెకన్లు తగ్గాయి. రెండు వారాల ప్రాక్టీస్ కూడా అందులో ఉంది కాబట్టి ఘనతంతా డైరీకే ఇవ్వలేం.

రాయడానికి సరైన సమయం పరుగు అయిన అరగంటలోపు. టైమ్ చూడకముందే, ఎంత కష్టపడ్డారో పదికి ఒక మార్కు వేసుకోండి. ముందు టైమ్ చూస్తే, మంచి టైమ్ వచ్చిన రోజు కష్టం కూడా తక్కువగా గుర్తొస్తుంది. ఆదివారం కూర్చుని వారమంతా ఒకేసారి రాసేవాళ్లున్నారు, అది డైరీ కాదు, కథ. రాసింది స్టేటస్‌లో పెట్టే అలవాటు కూడా వద్దంటాను. నలుగురు చూస్తారని తెలిస్తే “నడిచాను” అనే మాట రాయబుద్ధి కాదు.

మీ డైరీ పనిచేస్తోందా లేదా తెలియాలంటే తేదీలు మూసి రెండు పేజీలు చదవండి. ఏది ఏ రోజుదో గుర్తుపట్టలేకపోతే మీరు రాస్తున్నది హాజరుపట్టీ. “బాగా జరిగింది”, “సూపర్” లాంటి మాటలున్న చోట ఏం బాగుందో ఒక్క వాక్యం చేర్చండి.

నొప్పి విషయంలో మాత్రం డైరీకి హద్దుంది. “మోకాలి కింద ముందు ఎముక మీద, లోపలి వైపు, వేలు పెడితే ఒకేచోట నొప్పి” అని వివరంగా రాయండి. అదే చోటు వరసగా మూడు రోజులు పేజీలో కనిపించినా, నడిచేటప్పుడు కూడా నొప్పి ఉన్నా పరుగు ఆపి ఎముకల డాక్టర్‌ను కలవండి. ఎముకలో సన్నటి పగులు ఉందో లేదో తేల్చేది ఆయనే. ఎప్పుడు మొదలైంది, ఆ వారం ఎంత పరిగెత్తావు, బూట్లు మార్చావా అని ఆయన అడుగుతారు. నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి.