బెంజీన్ చాటున మరొకటి

భిలాయి ఉక్కు కర్మాగారపు కోక్ బట్టీలలో బొగ్గును గాలి తగలనీయక సుమారు వెయ్యి డిగ్రీల వరకు కాలుస్తారు. కోక్ అడుగున మిగులుతుంది. పైకి వచ్చిన వాయువును ప్రత్యేకమైన నూనెతో కడిగితే బెంజాల్ అనే ద్రవం చిక్కుతుంది. బెంజీన్, టాలుయీన్, జైలీన్ అనే ద్రావకాల మిశ్రమమది. కంటికి మూడూ నీళ్ళలాగే కనిపిస్తాయి. ఏది ఎంత ఉన్నదో తేల్చడానికి గ్యాస్ క్రొమటోగ్రఫీ కావాలి.

మిశ్రమంలో ఒక మైక్రోలీటరును, అంటే నీటిబొట్టులో సుమారు యాభయ్యో వంతును, సూదితో ఆ యంత్రంలోకి ఎక్కిస్తారు. అది ఆవిరై, హీలియం వంటి వాయువు వెంట సన్నని పొడుగాటి గొట్టంలోకి పోతుంది. గొట్టం లోపల ఒక పలుచని పూత ఉంటుంది. పూతలో ఎక్కువగా కరిగే పదార్థం వెనుకబడుతుంది. తక్కువగా కరిగేది ముందుగా బయటపడుతుంది. బయటపడిన ప్రతిదీ కాగితం మీద ఒక శిఖరాన్ని గీస్తుంది. సూది గుచ్చిన క్షణం నుంచి శిఖరాగ్రం వరకు గడిచిన సమయమే నిలుపుదల కాలం. నూనె స్వభావం గల పూత మీద ఈ మూడూ మరుగు స్థానాల వరుసలోనే వస్తాయి: 80 డిగ్రీల వద్ద మరిగే బెంజీన్ ముందు, 111 డిగ్రీల టాలుయీన్ తరువాత, 140 డిగ్రీల ప్రాంతపు జైలీన్లు చివర.

అయితే ఈ కాలం స్థిరమైనది కాదు. బెంజీన్ 3.2 నిమిషాలకు, టాలుయీన్ 5.0 నిమిషాలకు వచ్చాయనుకుందాం. వాయుప్రవాహం కొంచెం తగ్గితే అవే 3.52కూ 5.5కూ జరుగుతాయి. కానీ రెంటి నిష్పత్తి రెండుసార్లూ 0.64 మాత్రమే. అందుకే అనుభవజ్ఞులు ఒంటరి అంకెను నమ్మరు. అదే రోజున, అదే పరిస్థితులలో శుద్ధ బెంజీన్‌ను కూడా పంపి పోల్చి చూస్తారు.

అదీ చాలని సందర్భం ఒకటుంది. 1882లో జర్మన్ రసాయనవేత్త విక్టర్ మేయర్ బెంజీన్‌కు గుర్తుగా భావించే నీలిరంగు పరీక్షను తరగతిలో చేసి చూపబోయాడు. బొగ్గు నుంచి కాక, బెంజోయిక్ ఆమ్లం నుంచి తీసిన బెంజీన్ అది. రంగు రాలేదు! నీలిరంగునిచ్చేది బెంజీన్ కాదనీ, బొగ్గు బెంజీన్‌లో దాగిన గంధక పదార్థమనీ ఆయన కనిపెట్టాడు. అదే థయోఫీన్. దాని మరుగు స్థానం 84 డిగ్రీలు. కనుక నూనె స్వభావపు పూత మీద అది బెంజీన్‌ను అంటిపెట్టుకొని వస్తుంది. కొద్దిపాటిగా ఉంటే పెద్ద శిఖరంలో మునిగిపోతుంది. నమూనాకు మరికొంత బెంజీన్ కలిపి చూసినా ఆ శిఖరమే ఎత్తు పెరుగుతుంది, దాగినది బయటపడదు.

అప్పుడు మార్చవలసింది గొట్టాన్నే. పాలిఇథిలీన్ గ్లైకాల్ పూత మీద మరుగు స్థానంతో పాటు అణువుల విద్యుత్ స్వభావానికీ విలువ ఉంటుంది. థయోఫీన్ అక్కడ బెంజీన్ కంటె స్పష్టంగా వెనుకబడి వేరే శిఖరంగా నిలుస్తుంది. గంధకానికి మాత్రమే స్పందించే శోధకంతో దానిని ధ్రువపరచవచ్చు.

ఈ శ్రమ వ్యర్థం కాదు. బెంజీన్ నుంచి నైలాన్‌కు ముడిసరుకైన సైక్లోహెక్సేన్‌ను తయారుచేసే నికెల్ ఉత్ప్రేరకాన్ని కొద్దిపాటి థయోఫీన్ సైతం పనికిరాకుండా చేస్తుంది. శిఖరం వచ్చిన వేళ బట్టి అది బెంజీన్ కావచ్చునని మాత్రమే చెప్పగలం. అందులో బెంజీన్ తప్ప మరేదీ లేదని ఆ ఒక్క అంకె చెప్పలేదు.