నా జాకెట్ లోపలి లేబుల్

మా ఎడిటర్ "కథైనా పర్లేదు, వ్యాసమైనా పర్లేదు" అన్నాడు. ఇది నాకు జరిగిన కథే. కానీ చివర్లో ఒక అభిప్రాయం ఉంది, అసలు దాని కోసమే రాస్తున్నా. నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు, తప్పులుంటే సర్దుకోండి.

డిసెంబర్‌లో మా గ్యాంగ్ అరకు వెళ్దాం అనుకున్నాం. వైజాగ్ అమ్మాయిని, నా బీరువాలో స్వెట్టర్ కూడా లేదు. ఇన్‌స్టాలో ఒక థ్రిఫ్ట్ పేజీలో పోలో రాల్ఫ్ లారెన్ జాకెట్ కనిపించింది. నేవీ బ్లూ, ఛాతీ మీద చిన్న గుర్రం బొమ్మ, కింద "ఒరిజినల్, ఒక్కటే పీస్" అని రాసుంది. 2,200 రూపాయలు. రెండు నెలల క్యాంటీన్ డబ్బులు అవి. కొనేశా.

కిరండూల్ పాసింజర్‌లో సొరంగం వచ్చినప్పుడల్లా అందరూ అరుస్తుంటే, నేను మాత్రం చీకటి కిటికీ అద్దంలో నా గుర్రాన్ని చూసుకుంటూ కూర్చున్నా. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నా.

అరకులో రూమ్‌కి చేరాక చూస్తే మా సీనియర్ అక్క దగ్గర కూడా అదే జాకెట్. ఆవిడది న్యూజెర్సీలో ఉన్న పిన్ని షాపులో కొని పంపింది. రెండూ మంచం మీద పడున్నాయి. ఏది ఎవరిదో తెలియక సైజు కోసం లోపలి లేబుళ్ళు తిప్పి చూశాం. మెడ దగ్గరి లేబుల్ నీలం రంగు నాది కొంచెం వెలిసినట్టుంది, అక్షరాలు కాస్త లావుగా ఉన్నాయి. నాకు గుండె జారింది. అక్క మాత్రం "అదేం లెక్కలోకి రాదే, ఒకే కంపెనీ లేబుల్ ఏడాదికోలా, ఫ్యాక్టరీకోలా ఉంటుంది" అంది. నిజమే. ఇంటర్నెట్‌లో చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. రెండు లేబుళ్ళు వేరుగా ఉన్నంత మాత్రాన ఒకటి నకిలీ అయిపోదు.

పక్క కుట్టులో, ఉతికే గుర్తులు ఉండే తెల్ల లేబుల్ మీద ఇంకో సంగతి ఉంది. అక్కదాని మీద ఆర్‌ఎన్ 41381. నాదాని మీద అవే అంకెలు, కానీ రెండు అటూ ఇటూ మారాయి. ఆర్‌ఎన్ అంటే అమెరికాలో బట్టలు తయారుచేసే, దిగుమతి చేసే, అమ్మే కంపెనీలకి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్. లేబుల్ మీద కంపెనీ పేరుకి బదులు ఆ నంబర్ వేసుకోవచ్చు. `rn.ftc.gov` లో ఎవరైనా వెతకొచ్చు. సిగ్నల్ కోసం వరండా చివరికెళ్ళి అక్కది కొడితే పోలో రాల్ఫ్ లారెన్ అని వచ్చింది. నాది కొడితే సంబంధం లేని ఇంకేదో కంపెనీ వచ్చింది.

సీఎస్ఈ వాళ్ళకి ఇక్కడ ఒక చిన్న మాట. ఆధార్‌లో చివరి అంకె చెక్ డిజిట్, పక్కపక్క అంకెలు తారుమారైతే పట్టేస్తుంది. ఆర్‌ఎన్‌లో అలాంటిదేం లేదు, వరసగా ఇచ్చుకుంటూ పోయిన నంబర్లంతే. అది యూజర్‌నేమ్ లాంటిది, పాస్‌వర్డ్ కాదు. ఎవడైనా చూసి కాపీ కొట్టుకోవచ్చు. అందుకే నంబర్ సరిపోయినంత మాత్రాన వస్తువు అసలుదని తేలదు. తేడా వస్తే మాత్రం గట్టిగా అనుమానించాలి. నా జాకెట్ కుట్టినవాడికి సరిగ్గా కాపీ కొట్టడం కూడా రాలేదు, అదీ నా అదృష్టం.

అయినా మనసు ఒప్పుకోలేదు. లేబుల్ తప్పు అచ్చయి ఉండొచ్చుగా అనుకున్నా. రెండు లేబుళ్ళ మీదా బయటి బట్ట నూరు శాతం కాటన్ అనే ఉంది. రాత్రి క్యాంప్‌ఫైర్ దగ్గర లోపలి కుట్టులోంచి చిన్న దారం లాగి, పట్టకారుతో పట్టుకుని మంటలో పెట్టా. కాటన్ అయితే కాగితంలా కాలి మెత్తటి బూడిద అవ్వాలి. పాలిస్టర్ అయితే ముడుచుకుని, కరిగి, చల్లారాక నల్లటి గట్టి పూసలా మిగలాలి. నాది పూస అయింది. "చూశావా!" అన్నా ఏడుపు గొంతుతో. అక్క తన జాకెట్ దారం కూడా లాగి కాల్చింది. అదీ పూసే అయింది!

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. అప్పుడు వంట చేస్తున్న పెద్దమ్మ, ఆవిడకి కుట్టుమిషన్ కూడా ఉందట, నవ్వి చెప్పింది: "అది కుట్టుదారమమ్మా. కాటన్ గుడ్డనైనా పాలిస్టర్ దారంతోనే కుడతారు, తెగిపోకుండా. గుడ్డ అంచులోంచి పోగు తియ్యండి." కుట్టు లోపల మిగిలిన అంచులో నేతపోగు లాగి మళ్ళీ కాల్చాం. అక్కది చక్కగా బూడిద అయింది. నాది మళ్ళీ పూస. లేబుల్ మీద రాసిన గుడ్డ, నా ఒంటి మీదున్న గుడ్డ వేరువేరు. దాంతో నా వాదన అయిపోయింది.

పేజీ వాళ్ళకి ఫొటోలు పంపితే "నాకూ అలాగే వచ్చింది సిస్, నేనేం చెయ్యను" అన్నారు. అబద్ధమని నేననుకోను. చేతులు మారీ మారీ నా దాకా వచ్చుంటుంది.

అసలు కథ తిరిగొచ్చాక మొదలైంది. మా జూనియర్ ఒకమ్మాయి "అక్కా, ఆ జాకెట్ అమ్ముతావా, 1,800 ఇస్తా" అంది. లోపల నుంచి ఒక గొంతు, నువ్వు కూడా మోసపోయిందానివేగా, ఇచ్చెయ్ అంది. రెండు రోజులు ఆలోచించా. ఫ్రెండ్స్‌లో ఎక్కువమంది చెప్పిన సలహా "ఫస్ట్ కాపీ అని చెప్పి 800కి ఇచ్చెయ్, నిజం చెప్పినట్టే కదా" అని.

నాకు అది కరెక్ట్ కాదనిపిస్తోంది, చట్టం కూడా అదే అంటోంది. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 104వ సెక్షన్ ప్రకారం తప్పుడు ట్రేడ్‌మార్క్ ఉన్న వస్తువు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50,000 నుంచి రెండు లక్షల దాకా జరిమానా. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను, నాకు అనుమానం రాలేదు, ఎవరి దగ్గర కొన్నానో ఇదిగో అని చూపించగలిగితే బయటపడొచ్చు. ఆ పేజీ అమ్మాయికి బహుశా ఆ దారి ఉంది. నాకు లేదు. నేను పోగు కాల్చి మరీ చూశాను. "కాపీ" అని చెప్పి అమ్మినా గుర్రం గుర్రమే. నా జూనియర్‌కి నిజం తెలుస్తుంది సరే, తను అమ్మే నాలుగో మనిషికి ఎవరు చెప్తారు? మాట ఇద్దరి మధ్యే ఆగిపోతుంది, లేబుల్ మాత్రం బట్టతోనే వెళ్తుంది.

అరకులో కొన్న కాఫీ ప్యాకెట్ మీద చికోరీ ఎంత శాతమో అచ్చేసి ఉంది, అలా వెయ్యాలని రూల్. చికోరీ కలిపితే తప్పు కాదు. ఆ సంగతి ప్యాకెట్ మీదే ఉంటుంది కాబట్టి ఎన్ని చేతులు మారినా పోదు. అరకు సంతలో పాత స్వెట్టర్లు కుప్పపోసి అమ్మే ఆవిడ దగ్గర ఏ బ్రాండ్ అని అడిగితే "పేరుతో నీకేటి పనమ్మా, చలాగుతాదా లేదా చూసుకో" అంది. ఆవిడ ఏ పేరూ అమ్మలేదు, అందుకే మోసం లేదు. ఫెస్ట్‌లో మనవాళ్ళు పెట్టే థ్రిఫ్ట్ స్టాల్‌లో కూడా బ్రాండ్ పేరు రాయాలంటే పక్క కుట్టు లేబుల్ తిప్పి చూపించాలి, లేదంటే ఉత్త "జాకెట్" అని రాసి అమ్మాలి అంటాను.

జూనియర్‌కి అమ్మలేదు. బ్లేడుతో వెనక వైపు నుంచి గుర్రం ఎంబ్రాయిడరీ విప్పేశా, గంటన్నర పట్టింది. ఇప్పుడు అక్కడ సూది రంధ్రాలు మిగిలాయి, సరిగ్గా గుర్రం ఆకారంలో. ఏసీ ల్యాబ్‌కి అదే వేసుకొస్తున్నా.