తప్పు డోసుకు సగం మార్కులు వద్దు

నర్సింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, ట్యూటర్లకు, వార్డు సిస్టర్లకు, క్లినికల్ పోస్టింగులో సెలైన్ సీసాలు తగిలిస్తున్న విద్యార్థులకు.

పోయిన నెల ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో ఎనిమిది కిలోల పాపకు గంటకు 32 ఎంఎల్ చొప్పున సెలైన్ ఎక్కించమని డాక్టరు కేస్ షీటులో రాశారు. పోస్టింగులో ఉన్న అమ్మాయి వాచీ చూసుకుంటూ నిమిషానికి 32 చుక్కలు పడేలా రెగ్యులేటర్ తిప్పి సంతకం చేసింది. మైక్రో సెట్టయితే ఆ లెక్క అక్షరాలా సరైనదే. ఆ పూట స్టోరులో మైక్రో సెట్లు లేవని పెద్దల సెట్టు తగిలించారు. గంట తిరిగేసరికి సీసాలో దాదాపు వంద ఎంఎల్ ఖాళీ అయింది. పాప అమ్మమ్మ "సీసా ఇంత తొందరగా అయిపోతోందేంటమ్మా" అని అడగబట్టి ఆపారు. పాప బాగానే ఉంది. అమ్మాయి చేత సంజాయిషీ రాయించుకున్నారు. ఇంటర్నల్స్‌లో ఇదే రకం లెక్కకు ఆమెకు పదికి ఏడు మార్కులిచ్చిన కాలేజీని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ అడగాల్సింది ఈ కరపత్రం అడుగుతోంది. మందుల లెక్కలు నేర్పే పద్ధతీ, వాటికి మార్కులు వేసే పద్ధతీ రెండూ మారాలి. గాలి మాటలు చెప్పకుండా లెక్కలే ముందు పెడుతున్నాం.

మొదటి లెక్క ప్రతి కాలేజీలో అడిగేదే. 500 ఎంఎల్ రింగర్ లాక్టేట్ ఆరు గంటల్లో ఎక్కాలి. నిమిషానికి ఎన్ని చుక్కలు? ఎంఎల్‌ను సెట్టు చుక్కలతో గుణించి, మొత్తం నిమిషాలతో భాగించాలి. మన వార్డుల్లో వాడే పెద్దల సెట్టు ప్యాకెట్ మీద ఒక ఎంఎల్‌కు 20 చుక్కలని అచ్చు వేసి ఉంటుంది. కాబట్టి 500 × 20 ÷ 360 = 27.8, అంటే 28 చుక్కలు. దీన్ని వెనక్కి తిప్పి సరిచూసుకోవాలి. నిమిషానికి 28 అంటే గంటకు 1680 చుక్కలు, 20తో భాగిస్తే 84 ఎంఎల్, ఆరు గంటలకు 504 ఎంఎల్. సరిపోయింది.

ఇక్కడ విద్యార్థులు చేసే తప్పులు రెండు. ఒకటి, గంటల్ని నిమిషాలు చేయకుండా 500 × 20 ÷ 6 అని వేసి 1667 అని జవాబు రాసేస్తారు. నిమిషానికి 1667 చుక్కలు! చాంబర్‌లో అది చుక్కగా కాదు, ధారగా పడుతుంది. అయినా ఆ అంకె పేపర్లో దర్జాగా కూర్చుంటుంది, ఎందుకంటే రాసినవాళ్లు ఒక్కసారైనా చాంబర్ ముందు నిలబడి ఆ అంకెను ఊహించుకోలేదు. ఈ తప్పు పెద్దదే గానీ ప్రమాదం తక్కువ. వార్డులో ఎవరూ దాన్ని అమలు చేయలేరు.

రెండో తప్పు కనిపించదు. అదే మా అసలు ఫిర్యాదు. పుస్తకాల్లో, పాత ప్రశ్నపత్రాల్లో, బ్లాక్‌బోర్డు మీద ఇప్పటికీ ఒక ఎంఎల్‌కు 15 చుక్కలని లెక్క వేయిస్తున్నారు. అమెరికాలో 10 చుక్కల సెట్లు, 15 చుక్కల సెట్లు ఉన్నాయి కాబట్టి అక్కడి పుస్తకాల్లో ఆ అంకెలుంటాయి. మన స్టోరులో 20 చుక్కల సెట్లున్నప్పుడు మన పిల్లలు 15 ఎందుకు బట్టీ పట్టాలి? 15తో చేస్తే పై లెక్కకు 21 చుక్కలొస్తాయి. పేపర్లో పూర్తి మార్కులు. వార్డులో మాత్రం 20 చుక్కల సెట్టులో 21 చుక్కలంటే గంటకు 63 ఎంఎల్ మాత్రమే. ఆరు గంటలయ్యాక సీసాలో ఇంకా 120 ఎంఎల్ పైనే మిగులుతుంది. నీళ్లు పోయి నీరసించిన మనిషికి ఆరు గంటల్లో అందాల్సింది ఎనిమిది గంటలు పడుతుంది.

ఆ తర్వాత జరిగేది ఇంకా ఘోరం. డ్యూటీ మారే వేళకు వచ్చిన సిస్టర్ మిగిలిన సీసా చూసి "ఇదింకా అవ్వలేదా" అనుకుంటూ రెగ్యులేటర్ పైకి తోసేస్తుంది. గుండె బలహీనంగా ఉన్న ముసలాయనకు ఆ మిగిలిందంతా పావుగంటలో లోపలికి పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. ఆయన ఆయాసానికి మూలం ఎక్కడుందో కేస్ షీటులో ఎవరూ రాయరు. మొదలు బ్లాక్‌బోర్డు మీదుంది.

ప్యాకెట్ చదివే అలవాటుంటే అసలు సూత్రమే అక్కర్లేదు. 20 చుక్కల సెట్టుకు గంటకు పడాల్సిన ఎంఎల్‌ను మూడుతో భాగిస్తే నిమిషపు చుక్కలొచ్చేస్తాయి, 60లో 20 మూడోవంతు కాబట్టి. మైక్రో సెట్టులో ఎంఎల్‌కు 60 చుక్కలు గనుక భాగించే పనే లేదు. రెండో లెక్క ఆ పాపదే, మళ్లీ చూడండి. మైక్రో సెట్టులో 32 చుక్కలు. పెద్దల సెట్టులో 32 ÷ 3, అంటే 11. పెద్దల సెట్టులో 32 చుక్కలు పోనిచ్చారు, గంటకు 96 ఎంఎల్ పోయింది. సరిగ్గా మూడింతలు. "మైక్రో సెట్టుకు ఎంఎల్ ఎంతో చుక్కలంతే" అని బట్టీ పట్టించినప్పుడు "సెట్టు మారితే?" అన్న ప్రశ్న కూడా అడిగించి ఉంటే సంజాయిషీ అవసరం వచ్చేది కాదు.

లెక్కపెట్టడంలోనూ ఒక మాట. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం 28 చుక్కలకు సరిపోతుంది, ఏడు పడతాయి. 11 చుక్కలకు పనికిరాదు. పదిహేను సెకన్లలో రెండు పడినట్టు కనిపిస్తే 8 అంటారు, మూడు కనిపిస్తే 12 అంటారు. పసిపిల్లల దగ్గర నిండు నిమిషం నిలబడి లెక్కపెట్టాల్సిందే. పాప చెయ్యి మడిచినా, స్టాండు ఎత్తు మారినా చుక్కల వేగం మారుతుంది కాబట్టి సీసా పొడవునా ప్లాస్టర్ అంటించి, ఏ గంటకు ఎక్కడిదాకా దిగాలో గీతలు పెట్టాలి. గీతలుంటే, అమ్మమ్మ కంటపడిన తేడా డ్యూటీ సిస్టర్ కంట ముందే పడేది.

మూడో లెక్క కాన్పుల గదిది. 500 ఎంఎల్‌లో 5 యూనిట్ల ఆక్సిటోసిన్ కలిపారు. నిమిషానికి 2 మిల్లీయూనిట్లు ఇవ్వమన్నారు. 5 యూనిట్లంటే 5000 మిల్లీయూనిట్లు. 500తో భాగిస్తే ఎంఎల్‌కు 10. అయితే 2 మిల్లీయూనిట్లు 0.2 ఎంఎల్‌లో ఉంటాయి. 20 చుక్కల సెట్టులో 0.2 × 20 = 4 చుక్కలు. విద్యార్థులు ఎక్కువగా జారేది మధ్య మెట్టు మీద. "2" చూడగానే దాన్ని ఎంఎల్ అనుకుని 2 × 20 = 40 చుక్కలని రాస్తారు. అది పదింతలు, నిమిషానికి 20 మిల్లీయూనిట్లు. మొదటి చుక్కల నుంచే అంత మందు పడితే గర్భసంచి విడవకుండా బిగుసుకుంటుంది, నొప్పికీ నొప్పికీ మధ్య విరామం పోతుంది, లోపలి బిడ్డ గుండె చప్పుడు పడిపోతుంది.

ఈ జవాబుకు ఎన్ని మార్కులు వేశారో తెలుసా? ఫార్ములా రాశారని ఒకటి, యూనిట్లు మార్చారని ఒకటి, గుణకారం సరిగా చేశారని ఒకటి. పదింతల మందుకు సగానికి పైగా మార్కులు! సగం మార్కులకు పాస్ అనే లెక్క చరిత్ర పేపరుకు సరిపోతుందేమో. ఇక్కడ కుదరదు. మనం పాస్ చేసి పంపుతున్నది పదింతల ఆక్సిటోసిన్‌ను.

"ఇప్పుడు ఇన్ఫ్యూజన్ పంపులొచ్చాయి కదా, చుక్కల లెక్క ఎందుకు" అనేవాళ్లకు ఒక్క సంగతి చెబితే చాలు. 2006లో కెనడాలోని ఎడ్మంటన్‌లో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో నాలుగు రోజుల పాటు పోవాల్సిన ఫ్లోరోయురాసిల్ మందు పంపు ద్వారానే నాలుగు గంటల్లో పోయింది. గంటకు 1.2 ఎంఎల్ పెట్టాల్సిన చోట 28.8 పెట్టారు. 28.8 అనేది రోజు మొత్తానికి. 24తో భాగించడం మరిచారు. రెండో నర్సు సరిచూసినా తప్పు దొరకలేదు. మందు ఎక్కించుకున్న రోగి బతకలేదు. పంపు మనం నొక్కిన అంకెనే నమ్ముతుంది. ఫోన్‌లో కాలిక్యులేటరూ అంతే. ఇక "మన పిల్లలకు లెక్కలు రావు" అనే మాట వినడానికి కూడా మాకు ఓపిక లేదు. పైన వాడినవన్నీ గుణకారం, భాగహారం. ఐదో తరగతి లెక్కలు.

నాలుగోది చిన్నదే. ఎనిమిది కిలోల పిల్లకు కిలోకు 7.5 మిల్లీగ్రాముల చొప్పున పారాసెటమాల్ నరానికి ఇవ్వాలి. 60 మిల్లీగ్రాములు. 100 ఎంఎల్ సీసాలో 1000 మిల్లీగ్రాములుంటాయి, అంటే ఎంఎల్‌కు 10. ఇవ్వాల్సింది 6 ఎంఎల్. మిల్లీగ్రాములు, ఎంఎల్ కలిపేసి "60" అనుకుంటే 600 మిల్లీగ్రాములు పోతాయి. కాలేయం దెబ్బతింటే ఆ సంగతి ఆ పూట బయటపడదు. ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే సీసా మొత్తాన్ని స్టాండుకు తగిలించకుండా, 6 ఎంఎల్ సిరంజిలోకి తీసుకున్నాకే పిల్ల దగ్గరికి వెళ్లాలి.

మేము అడుగుతున్నవి ఇవే. లెక్క ఏదైనా ప్రశ్నలో ప్యాకెట్ లేదా ఆంపూల్ లేబుల్ మీది అంకెలు ఉన్నదున్నట్టు ఇవ్వాలి, 15 చుక్కల బట్టీ లెక్కను ప్రశ్నపత్రాల నుంచి తీసేయాలి. ప్రతి జవాబు కింద వెనక్కి తిప్పి సరిచూసిన వరుస ఉండాలి, లేకపోతే జవాబు లేనట్టే. తుది డోసు తప్పితే సున్నా. పోస్టింగుకు వెళ్లే ముందు ఇలాంటి పది లెక్కలు పదికి పది వచ్చేదాకా ఎన్నిసార్లయినా రాయించాలి, ఒక్కటి తప్పినా ఆ విద్యార్థి చేతికి రెగ్యులేటర్ ఇవ్వకూడదు. వార్డులో రెండో సిస్టర్ సరిచూడటమంటే మొదటి సిస్టర్ కాగితం మీద టిక్కు పెట్టడం కాదు, ఆ కాగితం చూడకుండా తన లెక్క తాను వేయడం.

ఈసారి ఇంటర్నల్ ప్రశ్నపత్రం కూర్చే ట్యూటర్లకు మొదటి ప్రశ్న మేమే ఇస్తున్నాం. ఒక లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలి, 20 చుక్కల సెట్టు. నాలుగు గంటలయ్యాక చూస్తే సీసాలో 600 ఎంఎల్ మిగిలి ఉంది. ఇప్పుడేం చేస్తారు? మొదట పెట్టాల్సింది 125 ÷ 3, అంటే 42 చుక్కలు. మిగిలిన 600ను మిగిలిన నాలుగు గంటలకు పంచి 50 చుక్కలని రాసినవాళ్ల లెక్క సరైనదే. వాళ్లకూ సున్నా వేయండి. వెనకబడిన సెలైన్‌ను సొంతంగా వేగం పెంచి సరిచేసే అధికారం మనకు లేదు. చెయ్యి, సూది, సెట్టు చూసి, చుక్కల్ని తిరిగి 42కి తెచ్చి, ఎంత వెనకబడిందో కేస్ షీటులో టైముతో సహా రాసి, డ్యూటీ డాక్టరుకు చెప్పడమే దాని జవాబు.