మాదిరికీ అభ్యాసానికీ నడుమ లేని పేజీ

– కద్మా మాస్టారు

ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం ఒకటి తెరవండి. ముందు ఉదాహరణలు ఉంటాయి. మొదటి పంక్తి నుంచి జవాబు దాకా సాధన మొత్తం అచ్చేసి ఉంటుంది. ఆ తరవాత అభ్యాసం. అక్కడ ప్రశ్నలే తప్ప ఒక్క పంక్తి సాయం ఉండదు. ఉదాహరణలో పిల్లవాడు చేయాల్సింది ఏమీ లేదు, అభ్యాసంలో అంతా వాడే చేయాలి. ఈ రెండింటి నడుమ ఉండాల్సిన పేజీ పుస్తకంలో లేదు. దాన్ని రాయాల్సింది పాఠం చెప్పేవాళ్లే.

మా జంషెడ్‌పూర్‌లో ఈ లోటు ట్యూషన్ గదుల్లో బాగా బయటపడుతుంది. కద్మాలోనో సోనారీలోనో సాయంత్రం కూర్చునే ఒక్క బ్యాచ్‌లోనే ఐసీఎస్‌ఈ పిల్లలు, సీబీఎస్‌ఈ పిల్లలు, జాక్ బోర్డు పిల్లలు పక్కపక్కన ఉంటారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషో హిందీయో. మాస్టారు బోర్డు మీద ఒక లెక్క చేసి, అర్థమైందా అని అడుగుతారు. అందరూ తలూపుతారు. వెంటనే పది లెక్కలు ఇస్తారు. ఇద్దరు చేస్తారు, మిగతావాళ్లు ఆ ఇద్దరి నోట్‌బుక్కులు చూస్తారు. తల ఊపినవాళ్లు అబద్ధం చెప్పలేదు. ఒకరు చేస్తుంటే అర్థం కావడం వేరు, తానే చేయగలగడం వేరు.

కొత్త రకం లెక్క చేస్తున్నప్పుడు పిల్లవాడి బుర్ర రెండు చోట్ల ఉంటుంది. ఒక కన్ను చేరాల్సిన జవాబు మీద, ఇంకో కన్ను చేతిలో ఉన్న పంక్తి మీద. ఒకేసారి మనసులో నిలుపుకోగలిగేవి కొన్నే కాబట్టి, ఈ వెతుకులాటకే అవి సరిపోతాయి. పద్ధతిని పట్టుకోవడానికి చోటు మిగలదు. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో ప్రచురించిన బీజగణిత ప్రయోగాలు ఈ విషయం మీదే. పూర్తిగా చేసి చూపిన లెక్కను చదివి, వెంటనే అలాంటిదే ఒకటి చేసిన విద్యార్థులు, అన్నీ సొంతంగా చేసిన వాళ్లకంటే తక్కువ కాలంలో నేర్చుకున్నారు, తప్పులు కూడా తక్కువ చేశారు. అయితే ఆ లాభం అదే తీరు లెక్కలకే పరిమితమైంది. తీరు మారిన లెక్క దగ్గర వాళ్లకు ప్రత్యేక లాభం కనిపించలేదు. ఈ హద్దును గుర్తుపెట్టుకోండి, పాఠం చివర దానితో పని ఉంది.

ఇప్పుడు ఒక పాఠాన్నే తీసుకుందాం. ఒక చలరాశి ఉన్న సమీకరణం, భిన్నాలతో, మధ్యలో తీసివేతతో.

(2x − 1)/3 − (x − 4)/2 = 2

బోర్డు మీద సాధన ఇలా ఉంటుంది.

2(2x − 1) − 3(x − 4) = 12
4x − 2 − 3x + 12 = 12
x + 10 = 12
x = 2

మొదటి పంక్తిలో హారాల క.సా.గు. 6తో రెండు వైపులా గుణించాం. రెండో పంక్తిలో కుండలీకరణాలు విప్పాం. మూడో పంక్తిలో సజాతి పదాలు కలిపాం. నాలుగో పంక్తిలో x ఒక్కటే మిగిలింది. చివర 2ను మొదటి సమీకరణంలో పెట్టి సరిచూడాలి. మొదటి భిన్నం 1 అవుతుంది, రెండోది −1. 1లోంచి −1 తీసేస్తే 2, సరిపోయింది. కారణం ఏ పంక్తికి ఆ పంక్తి పక్కనే రాయాలి. బోర్డు ఒక మూల లెక్క, ఇంకో మూల వివరణ ఉంటే పిల్లవాడి చూపు రెంటి మధ్యా తిరగడంలోనే అలసిపోతుంది. మాస్టారు చెబుతున్నంతసేపూ పెన్నులు కింద పెట్టించాలి. ఎత్తి రాసుకుంటున్న పిల్లవాడు వినడు.

ఇక్కడితో తలూపించుకుని వదిలేయకుండా రెండు ప్రశ్నలు అడగాలి. కుడివైపు 2 ఉండేది, 12 ఎందుకైంది? కుండలీకరణంలో −4 ఉంటే బయటికి +12 ఎందుకొచ్చింది? ఈ రెండే ఈ లెక్కలోని గోతులు. పిల్లలు తమ మాటల్లో జవాబు చెప్పాలి. తెలుగులో చెప్పినా హిందీలో చెప్పినా ఫరవాలేదు, కారణం రావాలి. "అలా చెయ్యాలి కాబట్టి" అంటే ఇంకా రాలేదనే అర్థం.

ఇక పుస్తకంలో లేని పేజీ. మొదట ఇచ్చే లెక్క ఇది.

(3x + 1)/4 − (x − 2)/3 = 3

దీన్ని మాస్టారే 5x + 11 = 36 దాకా చేసి ఇస్తారు. మిగిలిన భాగం పిల్లలది. 5x = 25, x = 5, ఆపైన సరిచూడటం. తరవాతి లెక్క (x + 3)/2 − (x − 1)/5 = 5. ఇందులో 5(x + 3) − 2(x − 1) = 50 అన్న ఒక్క పంక్తే ఇస్తారు. కుండలీకరణాలు పిల్లలే విప్పాలి. 5x + 15 − 2x + 2 = 50 వస్తే దారిలో ఉన్నట్టే, జవాబు 11. మూడోది (5x − 2)/4 − (x − 5)/3 = 3. ఇక్కడ 12తో గుణించండి అన్న మాట తప్ప ఇంకేమీ ఉండదు. జవాబు 2. నాలుగోదానికి ఆ మాట కూడా ఉండదు.

ఇలా చివరి మెట్టు నుంచి మొదలుపెట్టి వెనక్కి ఆసరా తీస్తూ రావడం మీద జర్మనీలో అలెగ్జాండర్ రెంకెల్, అమెరికాలో రాబర్ట్ అట్కిన్సన్, వాళ్ల సహచరులు 2002 నాటికే ప్రయోగాలు చేశారు. పూర్తి ఉదాహరణ, ఖాళీ లెక్క జంటగా ఇవ్వడంకంటే, మెట్టు మెట్టుగా తీయడం అదే తీరు లెక్కల్లో మెరుగైన ఫలితమిచ్చింది. 2004లో వాళ్లే ఇంకో సంగతి చెప్పారు. మెట్టును ముందునుంచి తీశామా వెనకనుంచి తీశామా అన్నది అంత ముఖ్యం కాదు, ఏ మెట్టును తీశామో ఆ మెట్టునే పిల్లలు బాగా నేర్చుకుంటారు.

ఈ మాటను మన లెక్కకు పెట్టి చూడండి. చివరి మెట్టు మాత్రమే వదిలేసిన లెక్కలు ఇరవై చేయించినా పిల్లవాడు నేర్చేది 25ను 5తో భాగించడమే. అది వాడికి నాలుగో తరగతిలోనే వచ్చు. గోతులున్నవి మొదటి రెండు పంక్తుల్లో. గంట కొట్టేసరికి ఆ రెండు పంక్తులూ ఇంకా మాస్టారి చేతిలోనే ఉంటే, పాఠం సాఫీగా నడిచినట్టు కనిపిస్తుంది గానీ పిల్లవాడికి వచ్చిందేమీ లేదు. అందుకే సులువైన చివరి మెట్టు దగ్గర ఒక్క లెక్కతో సరిపెట్టి, కుండలీకరణం మెట్టు దగ్గర, క.సా.గు. మెట్టు దగ్గర రెండేసి మూడేసి లెక్కలు నిలపాలి. ఆసరా తీయడానికి వరస కంటే గోతి ఎక్కడుందో తెలియడం ముఖ్యం.

గోతిలో ఎవరు పడ్డారో కనిపెట్టడానికి పిల్లల నోట్‌బుక్కులన్నీ పంక్తి పంక్తీ చదవక్కర్లేదు. మొదటి లెక్కనే మళ్లీ ఇచ్చారనుకోండి. జవాబు 26 వచ్చినవాడు −3ను −4తో గుణించి −12 రాశాడు. −8 వచ్చినవాడు కుడివైపు 2ను 6తో గుణించడం మరిచాడు. 16 వచ్చినవాడు రెండు తప్పులూ చేశాడు. జవాబు చూడగానే ఎవరికి ఏ మెట్టు దగ్గర ఆసరా తిరిగి ఇవ్వాలో తెలిసిపోతుంది. 26 వాడికి క.సా.గు. మీద మళ్లీ ఉపన్యాసం అక్కర్లేదు, కుండలీకరణం మెట్టు ఖాళీగా ఉన్న లెక్క ఇంకొకటి చాలు. ఇలా తప్పును జవాబే పట్టిచ్చేలా అంకెలు ఎంచుకోవడం పాఠానికి ముందు రోజు ఇంట్లో చేయాల్సిన పని.

బాగా వచ్చిన పిల్లల సంగతి వేరు. వాళ్లకు ప్రతి పంక్తీ రాసి చూపిస్తే మేలు జరగకపోగా అడ్డవుతుంది. తెలిసినదాన్నే మళ్లీ చదివి, తమ పద్ధతితో పోల్చుకోవడానికి శ్రమ పడాలి. స్లావా కల్యూగా, స్వెల్లర్ తదితరులు 2003లో దీన్ని విపులంగా చర్చించారు. మూడు బోర్డుల పిల్లలున్న బ్యాచ్‌లో దీనికి చిన్న ఉపాయం ఉంది, అదీ ఆ ఇద్దరి పరిశోధనలోదే. పాఠం మొదట్లో ఒక సమీకరణం రాసి, సాధన మొత్తం వద్దు, మీ మొదటి పంక్తి మాత్రం రాయండి అని చెప్పాలి. కొంతమంది ఏమీ రాయరు. కొంతమంది క.సా.గు. తో గుణించిన పంక్తి రాస్తారు. ఒకరిద్దరు ఏకంగా 4x − 2 − 3x + 12 = 12 అని రాసేస్తారు. ఆ ఒకరిద్దరినీ నేరుగా సొంత లెక్కలకు పంపవచ్చు. రెండో రకంవాళ్లను సగం చేసిన లెక్కల దగ్గర కూర్చోబెట్టాలి. ఏమీ రాయనివాళ్లకే పూర్తి మాదిరి కావాలి.

చివరి ఘట్టం సొంత లెక్కలు. మొదట చెప్పిన హద్దు ఇక్కడే గుర్తు రావాలి. అన్నీ ఒకే అచ్చులో ఉంటే పిల్లలు పద్ధతిని కాక ఆకారాన్ని బట్టీ పట్టేస్తారు. అందుకని తీసివేత లెక్కల మధ్య ఇలాంటిది ఒకటి పెట్టాలి.

(x + 2)/3 + (x − 1)/4 = 8

సరిగ్గా చేస్తే 4x + 8 + 3x − 3 = 96, x = 13. రెండో కుండలీకరణంలో గుర్తు మార్చాలి అని మాత్రమే గుర్తుపెట్టుకున్న పిల్లవాడు ఇక్కడ −3 బదులు +3 రాస్తాడు, 85/7 అన్న వికారమైన జవాబు తెచ్చుకుంటాడు. గుర్తు ఎందుకు మారిందో తెలిసినవాడు ఇక్కడ మార్చడు. పాఠం అందిందా లేదా అన్నదానికి నేను నమ్మే పరీక్ష ఈ ఒక్క లెక్కే. దీని దగ్గర ఎవరూ పక్కన నిలబడి అందించకూడదు. అందిస్తే పరీక్ష పిల్లవాడిది కాదు, అందించినవాడిది.

ఇది రోజూ అన్ని పాఠాలకూ పనికొస్తుందని నేను అనను. మెట్లు స్పష్టంగా విడదీయగలిగిన పద్ధతులకు, అదీ కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో పనికొస్తుంది. ఏ పద్ధతి వాడాలో పిల్లవాడే వెతుక్కోవాల్సిన లెక్కకు ఇది సరిపోదు. కానీ సమీకరణాలు, భిన్నాలు, కారణాంకాలు, శాతాలు అన్నీ మొదటి కోవలోవే. మన పిల్లలు ఎనిమిదిలో తప్పి పదిలో మళ్లీ తప్పేవి కూడా అవే.

ట్యూషన్ మాస్టార్లకు, ఇంట్లో పిల్లల పక్కన కూర్చునే అమ్మానాన్నలకు నా మనవి ఒక్కటే. వచ్చే వారం ఒక పాఠానికి పది లెక్కల హోంవర్క్ తగ్గించండి. ఒకటి పూర్తిగా చేసి, మూడు సగం చేసి, మూడు ఖాళీగా ఇవ్వండి. ఆ సగం లెక్కల్లో ఖాళీ ఎక్కడ వదలాలో మీ పిల్లలు నిన్న చేసిన తప్పులు చూసి నిర్ణయించండి.